రేఖ ఎందుకు జరిగింది? డిమాండు, సప్లయ్ గ్రాఫుల అభ్యాస పత్రం

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం, అర్థశాస్త్రం
సమతౌల్య ధర పాఠం పూర్తయ్యాక చేయవలసినది

కావలసినవి: గ్రాఫు కాగితం, పెన్సిలు, స్కేలు, రెండు రంగుల పెన్నులు. పాత రేఖను పెన్సిలుతో, కొత్త రేఖను రంగు పెన్నుతో గీయండి.

ప్రతి ప్రశ్నకు పది మార్కులు. గ్రాఫుకు నాలుగు, పక్కన రాసే వివరణకు ఆరు. రేఖను కుడికో ఎడమకో జరపడం ఒక్క రోజులో వచ్చే విద్య. అది ఎందుకు జరిగిందో, జరిగాక బజారులో ఏమయిందో చెప్పగలగడమే అర్థశాస్త్రం. అందుకే వివరణకు ఎక్కువ మార్కులు పెట్టాను.

వివరణ ఎప్పుడూ ధరతో మొదలుపెట్టకండి. ముందు ఏ వస్తువు, ఏ మార్కెట్టు, ఏ కాలం అన్నది చెప్పండి. తరువాత ధర కాకుండా ఇంకేం మారిందో చెప్పండి. ఆ మార్పు కొనేవారి నిర్ణయాన్ని తాకితే డిమాండు రేఖ, అమ్మేవారి ఖర్చునో వీలునో తాకితే సప్లయ్ రేఖ జరుగుతుంది. ఆ తరువాతి వాక్యమే చాలామంది వదిలేసేది: పాత ధర దగ్గర ఇప్పుడు కొరత ఏర్పడిందా, మిగులు ఏర్పడిందా? ధరను కదిలించేది అదే. ఆ వాక్యం లేకపోతే కారణానికీ ఫలితానికీ మధ్య వంతెన లేనట్టే. చివరగా కొత్త సమతౌల్య ధర, పరిమాణం రాయండి.

అన్ని గ్రాఫుల్లోనూ OX అక్షం మీద పరిమాణం, OY అక్షం మీద ధర. ఇతర అంశాలు స్థిరంగా ఉన్నాయని అనుకుంటున్నాం.

గ్రాఫు 1. బతుకమ్మ పండుగకు బంతిపూలు (డిమాండు రేఖ కుడివైపుకు)

గుడిమల్కాపూర్ పూల మార్కెట్టు. తంగేడు, గునుగు ఊరి పొలిమేరల్లో కోసుకొచ్చేవారు ఇంకా ఉన్నారు కానీ, నగరంలో బంతి, చామంతి కొనక తప్పదు. ఈ లెక్కలోని అంకెలు అభ్యాసం కోసం ఊహించినవి. ధర కిలోకు రూపాయల్లో, పరిమాణం క్వింటాళ్లలో.

మామూలు రోజుల్లో:

```
Qd = 100 - 2P
Qs = 20 + 2P
```

రెండూ సమానం చేస్తే P = 20, Q = 60. ఆ బిందువుకు E అని పేరు పెట్టండి. పండుగ వారంలో డిమాండు సమీకరణం మారింది:

```
Qd = 140 - 2P
```

గ్రాఫు: D రేఖకు సమాంతరంగా, కుడివైపున D1 గీయండి. S రేఖను ముట్టుకోవద్దు. కొత్త ఖండన బిందువు E1 వద్ద P = 30, Q = 80.

వివరణ: పండుగ రావడంతో కొనేవారి అభిరుచి, అవసరం పెరిగాయి. ఏ ధర దగ్గర చూసినా మునుపటికంటే 40 క్వింటాళ్లు ఎక్కువ అడుగుతున్నారు. అందువల్ల డిమాండు రేఖ కుడివైపుకు జరిగింది. పాత ధర 20 రూపాయల దగ్గర ఇప్పుడు అడిగేది 100 క్వింటాళ్లు, అమ్మకానికి వచ్చేది 60. 40 క్వింటాళ్ల కొరత. పూలు దొరకవేమోనని కొనేవారు ఎక్కువ ధర చెల్లించడానికి సిద్ధపడతారు, ధర పెరుగుతుంది. ధర పెరిగేకొద్దీ రైతులు, వ్యాపారులు మరిన్ని పూలు తెస్తారు. కొనేవారిలో కొందరు తక్కువతో సరిపెట్టుకుంటారు. 30 రూపాయల దగ్గర రెండు వైపులా 80 క్వింటాళ్లకు చేరి కొరత తీరిపోతుంది.

ఇక్కడ ఆగి ఒక సంగతి చూడండి. రైతులు 60 నుంచి 80కి పెంచారు కదా, సప్లయ్ కూడా పెరిగిందని రాయవచ్చా? రాయకూడదు. వారు అదే S రేఖ మీద పైకి కదిలారు. పెరిగింది సప్లయ్ పరిమాణం. పరిమాణం 100కి ఎందుకు చేరలేదో మీ మాటల్లో రెండు వాక్యాలు రాయండి.

గ్రాఫు 2. 2023 జులైలో టమాటా (సప్లయ్ రేఖ ఎడమవైపుకు)

ఆ నెలలో హైదరాబాదులో కిలో టమాటా వంద రూపాయలు దాటింది. మీ ఇంట్లో వంట చేసే వారిని అడగండి, తప్పకుండా గుర్తుంటుంది.

గ్రాఫు: D రేఖ అలాగే ఉంటుంది. S ఎడమవైపుకు జరిగి S1 అవుతుంది. E నుంచి E1కి వెళ్లేటప్పుడు ధర పెరుగుతుంది, పరిమాణం తగ్గుతుంది. D రేఖను కొంచెం నిటారుగా గీయండి. కూరలో టమాటా రోజూ పడే వస్తువు కాబట్టి ధర పెరిగినా వాడకం పెద్దగా తగ్గదు, అంటే దాని డిమాండు తక్కువ వ్యాకోచత్వం గలది. రేఖ నిటారుగా ఉన్నకొద్దీ అదే సప్లయ్ తగ్గుదలకు ధర మరింత పెరగడం స్కేలుతో కొలిచి చూడండి.

వివరణ: వేసవి ఎండలు, ఆ తరువాతి వానలు పంట దిగుబడిని దెబ్బతీశాయి. మదనపల్లె వైపు నుంచీ, కర్ణాటకలోని కోలారు వైపు నుంచీ మార్కెట్లకు చేరే సరుకు తగ్గింది. ఏ ధర దగ్గరైనా అమ్మకానికి వచ్చే పరిమాణం మునుపటికంటే తక్కువ, కాబట్టి సప్లయ్ రేఖ ఎడమకు జరిగింది. పాత ధర దగ్గర కొరత ఏర్పడి ధర పెరిగింది. ధర పెరగడంతో కొనేవారు D రేఖ మీద ఎడమవైపుకు, పైకి కదిలారు.

ఇప్పుడు ఈ జవాబు చదవండి: "టమాటా ధర పెరగడంతో డిమాండు తగ్గింది, డిమాండు తగ్గడంతో ధర మళ్లీ పాత స్థాయికి వచ్చింది." జవాబు పత్రాల్లో తరచుగా కనిపించే వాక్యం ఇది. వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ దాని ప్రకారం ఏ ధరా ఎన్నడూ పెరగకూడదు. ధర పెరిగితే తగ్గేది డిమాండు పరిమాణం, రేఖ కాదు. తరువాత టమాటా ధర దిగివచ్చింది కొత్త పంట మార్కెట్టుకు చేరి సప్లయ్ రేఖ తిరిగి కుడివైపుకు జరిగినందువల్ల. ఆ తప్పు వాక్యాన్ని సరిచేసి రాయండి.

దీనికి అనుబంధంగా చిన్న గ్రాఫు: పప్పులోకి టమాటా బదులు చింతపండు వాడిన ఇళ్లు చాలా ఉన్నాయి. చింతపండు మార్కెట్టుకు వేరే గ్రాఫు గీసి, ప్రత్యామ్నాయ వస్తువు ధర పెరిగినప్పుడు ఏ రేఖ ఎటు జరుగుతుందో చూపండి. రెండు వస్తువులనూ ఒకే గ్రాఫులో ఇరికించవద్దు.

గ్రాఫు 3. 2025 ఫిబ్రవరిలో కోడిమాంసం (రెండు రేఖలూ ఎడమవైపుకు)

ఈ పత్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇదే, ఎందుకంటే ఇక్కడ గ్రాఫు ఒక్కటే జవాబు చెప్పలేదు. బజారు వైపు చూడాల్సిందే.

ఆంధ్రప్రదేశ్‌లోని గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. అక్కడి నుంచి వచ్చే కోళ్ల వాహనాలను తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర ఆపేశారు. బాగా ఉడికించిన మాంసంతో ప్రమాదం లేదని అధికారులు చెప్పినా, నగరంలో చాలామంది భయపడి కోడిమాంసం కొనడం మానేశారు.

వివరణ: వాహనాలు ఆగిపోవడం వల్ల సప్లయ్ రేఖ ఎడమకు జరిగింది. ఇది ఒక్కటే జరిగి ఉంటే ధర పెరిగేది. భయం వల్ల కొనేవారి అభిరుచి మారి డిమాండు రేఖ కూడా ఎడమకు జరిగింది. ఇది ఒక్కటే జరిగి ఉంటే ధర తగ్గేది. రెండు మార్పులూ పరిమాణాన్ని తగ్గిస్తాయి కాబట్టి పరిమాణం తగ్గడం ఖాయం. ధర విషయంలో మాత్రం అవి ఒకదానికొకటి ఎదురు లాగుతాయి. ఏ రేఖ ఎక్కువ జరిగితే దానిదే పైచేయి.

ఆ రోజుల్లో హైదరాబాదులో కోడిమాంసం ధర తగ్గింది. దాన్నిబట్టి డిమాండులో వచ్చిన తగ్గుదల సప్లయ్ తగ్గుదలను మించిందని తెలుస్తోంది. పాత ధర దగ్గర మిగులు ఏర్పడి, అమ్మేవారు ధర తగ్గించాల్సి వచ్చింది.

మీ పని: రెండు గ్రాఫులు పక్కపక్కన గీయండి. మొదటిదానిలో D ఎక్కువ, S తక్కువ జరగాలి. రెండోదానిలో అందుకు తిరగేసి. రెండింటి కిందా ధర, పరిమాణం ఎటు కదిలాయో రాసి, నగరంలో జరిగింది ఏ గ్రాఫో గుర్తించండి. ఎంపికకు కారణం రాయని జవాబుకు వివరణ మార్కులు ఇవ్వను.

గ్రాఫు 4. ఏసీల మీద జీఎస్టీ తగ్గింపు (ముందు డిమాండు, తరువాత సప్లయ్)

2025 సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి ఏసీల మీద పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. అమలు సెప్టెంబరు 22 నుంచి. ఈ రెండు తేదీలకూ రెండు వేర్వేరు గ్రాఫులు కావాలి.

సెప్టెంబరు 3 నుంచి 21 వరకు: పన్ను ఇంకా మారలేదు, కానీ త్వరలో ధర తగ్గుతుందని తెలిసినవారు కొనుగోలు వాయిదా వేసుకుంటారు. భవిష్యత్తు ధర గురించిన అంచనా మారింది కాబట్టి నేటి డిమాండు రేఖ ఎడమకు జరుగుతుంది. పాత ధర దగ్గర సరుకు మిగిలిపోతుంది.

22 తరువాత: పన్ను తగ్గితే, అదే పరిమాణాన్ని అమ్మేవారు మునుపటికంటే తక్కువ ధరకు ఇవ్వగలరు. కొనేవారు చెల్లించే ధరను OY మీద తీసుకుంటే సప్లయ్ రేఖ కిందికి, అంటే కుడివైపుకు జరుగుతుంది. ఉదాహరణకు పన్నుకు ముందు 30,000 రూపాయలు పలికే ఏసీకి పాత పన్నుతో 38,400, కొత్త పన్నుతో 35,400. తేడా 3,000. పన్ను శాతం రూపంలో ఉంది కాబట్టి ధర ఎక్కువగా ఉన్నచోట రెండు రేఖల మధ్య దూరం కూడా ఎక్కువ. S1 ను S కు అచ్చంగా సమాంతరంగా గీయకండి.

మీ గ్రాఫులో రెండు కొలతలు తీసుకోండి: S, S1 ల మధ్య నిలువు దూరం, E నుంచి E1 కి ధర తగ్గిన దూరం. రెండోది చిన్నదిగా ఉంటుంది. పన్ను తగ్గింపులో కొంత భాగం అమ్మేవారి దగ్గర ఎలా ఉండిపోతుందో దీన్నిబట్టి వివరించండి.

గ్రాఫు 5. ఉచిత బస్సు, షేర్ ఆటో

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. ఆటోకు బస్సు ప్రత్యామ్నాయం. ప్రత్యామ్నాయం ధర వారికి సున్నా అయింది కాబట్టి షేర్ ఆటో డిమాండు రేఖ ఎడమకు జరుగుతుంది. బస్సు గ్రాఫులో మాత్రం రేఖ జరగదు, ప్రయాణికులు అదే రేఖ మీద కిందికి కదులుతారు. ఆటో ఛార్జీ వెంటనే తగ్గకపోతే పాత ధర దగ్గరి మిగులు ఖాళీ సీట్లుగా, స్టాండులో ఎక్కువసేపు ఎదురుచూపుగా కనిపిస్తుంది. గ్రాఫులో ఆ మిగులును గీతతో చూపండి. అది ఒక కుటుంబం రోజు సంపాదన అని గుర్తుంచుకుని గీయండి.

మీరే చేయవలసినవి

6. మృగశిర కార్తె రోజున రాంనగర్ మార్కెట్టులో చేపలు. ఆ ఉదయం వచ్చిన సరుకు వచ్చినంతే, మధ్యాహ్నానికి పెంచలేరు. సప్లయ్ రేఖను నిలువుగా గీస్తే ధర, పరిమాణాల్లో ఏది మారుతుంది, ఏది మారదు?

7. 2024 సెప్టెంబరులో కేంద్రం వంటనూనెల దిగుమతి సుంకాన్ని పెంచింది. మిర్చి బజ్జీల బండి మార్కెట్టుకు గ్రాఫు గీయండి. నూనె ఇక్కడ ముడిసరుకు, కొనేవారు తినే వస్తువు కాదు. జరిగే రేఖ ఏది?

8. రంజాన్ నెలలో హలీం డిమాండు పెరిగితే పొట్టేలు మాంసం మార్కెట్టులో ఏమవుతుంది? అక్కడి నుంచి ఇంట్లో వండుకునే మాంసం ధర వరకు గొలుసుగా రాయండి. ప్రతి మెట్టుకూ ఒక గ్రాఫు, కనీసం మూడు వాక్యాల వివరణ ఉండాలి.

9. మెట్రో రైలు ఛార్జీ పెరిగిందనుకోండి. మెట్రో, బైక్ టాక్సీ, స్టేషను దగ్గరి పార్కింగ్ అనే మూడు మార్కెట్లలో ఎక్కడ రేఖ జరుగుతుంది, ఎక్కడ రేఖ మీదనే కదలిక ఉంటుంది? పార్కింగ్ మెట్రోకు పూరకమా, ప్రత్యామ్నాయమా అన్నది ముందు తేల్చుకోండి.

6, 7 జవాబులు సోమవారం తరగతికి తీసుకురండి. 8, 9 ఇద్దరిద్దరు కలిసి చేయండి: ఒకరు గ్రాఫు గీసి ఇవ్వాలి, రెండోవారు దాన్ని మాత్రమే చూసి వివరణ రాయాలి. వివరణ కుదరకపోతే గ్రాఫును తిరిగి గీయండి.