టీవీ లెక్క: అమ్మ, నాన్న, రవి ముగ్గురికీ

అమ్మా, నాన్నా, రవీ! ఫోనులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెబుతూ వచ్చాను. అందరూ ఒకేచోట చూస్తారని లెక్కంతా ఇక్కడ రాస్తున్నాను.

ఇంటికి కొత్తగా కొనడానికి మనం చూసిన రెండూ 43 అంగుళాల టీవీలే. పాలకొండ షాపులో నాన్న చూసినది 31,500 రూపాయలు, గోడకు బిగించడంతో కలిపి. ఏడాది వారంటీకి మరో రెండేళ్లు కలపడానికి 1,900. మొత్తం 33,400. రవి ఆన్‌లైన్‌లో చూసినది 24,499. బిగించడానికి 600, అదనపు రెండేళ్లకు 1,800. మొత్తం 26,899. తేడా 6,501 రూపాయలు. చిన్న మొత్తం కాదు, రవి పట్టుబట్టడంలో తప్పు లేదు. బొమ్మలో కూడా అమ్మానాన్నలకు పెద్ద తేడా కనిపించదు.

కానీ నిన్న రెండు కంపెనీల కస్టమర్ కేర్‌కూ ఫోన్ చేసి, మన పిన్‌కోడ్ చెప్పి అడిగాను. షాపు టీవీ కంపెనీ మెకానిక్ శ్రీకాకుళం నుంచి రెండు మూడు రోజుల్లో ఇంటికే వస్తాడట. ఆన్‌లైన్ కంపెనీకి దగ్గరి సర్వీస్ సెంటర్ విశాఖపట్నంలో ఉంది. మన ఊరికి మనిషిని పంపుతామని గట్టిగా చెప్పలేదు, టీవీని తీసుకురావలసి రావచ్చు అన్నారు. పైగా దాని అదనపు వారంటీ ఇచ్చేది వేరే సంస్థ. బాగు కాకపోతే వాడిన కాలానికి తరుగు తీసి డబ్బు ఇస్తారు, టీవీ మార్చరు.

పాత టీవీ చెడిపోయినప్పుడు నాన్న దాన్ని దుప్పటిలో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని శ్రీకాకుళం తీసుకెళ్లారు. గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నానని చెప్పారు. ఇప్పుడు ఆయనకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆ పని మళ్లీ ఆయనతో చేయించడం నాకు ఇష్టం లేదు. అందుకే షాపు టీవీయే తీసుకుందాం.

నాన్నా, డబ్బు కట్టే ముందు ధర ఒకసారి బేరమాడండి. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం బదులు 18 శాతమే. బిల్లులో ఆ 18 శాతమే ఉందో లేదో చూడండి. అదనపు రెండేళ్లలో ప్యానెల్ కూడా ఉన్నట్లు కాగితం మీద రాయించుకోండి. తెర పోతే అయ్యే ఖర్చే అన్నిటికంటే ఎక్కువ. బిల్లు మీద సీరియల్ నంబరు, షాపు ముద్ర ఉండాలి. హెచ్చుతగ్గుల కరెంటు వల్ల కాలిపోతే వారంటీ వర్తించదంటారు కాబట్టి స్టెబిలైజర్ కూడా అడగండి.

అమ్మా, రిమోట్ నువ్వే పట్టుకుని చూడు. అంకెల బటన్లు నీకు కనిపిస్తేనే సరే అను.

నేను 20,000 ఈ రాత్రికే పంపుతాను. రవీ, మిగిలిన 13,400, స్టెబిలైజర్ ఖర్చు నీవి. నాన్నా, పింఛను డబ్బు ముట్టుకోకండి.