గోనె సంచులు, పట్టాలు, పురికొస: కొటేషన్ కోసం

గోనె సంచుల షాపు యజమాని గారికి,
వన్ టౌన్, విజయవాడ.

నమస్కారమండి. మేము గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తున్నాం. సంక్రాంతి వెళ్లగానే కొత్త కాయ రావడం మొదలవుతుంది, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఊపిరాడదు. అప్పుడు సంచుల కోసం పరుగెత్తితే ఏ రేటు చెబితే ఆ రేటుకి కొనాలి. అందుకే ముందుగానే మీ రేట్లు అడుగుతున్నాం. కింద చెప్పిన వాటికి కొటేషన్ పంపగలరు.

ముందుగా గోనె సంచి. మిర్చి టిక్కీకి వాడేది. ఒక లోడు కావాలి, కుదిరితే రెండు. లోడంటే పెద్ద లారీ కాదండి, మామూలు బండి. దాంట్లో మీరు ఎన్ని బేళ్లు వేస్తారో మాకు తెలియదు, బేలుకి ఎన్ని సంచులు వస్తుందో కూడా రాయండి. పోయిన సీజన్లో సుమారు నాలుగైదు వేలు వాడాం, ఈసారి కాస్త ఎక్కువే పట్టొచ్చు. ధాన్యానికి వాడే 50 కిలోల బీట్విల్ సంచులు మాకు వద్దు, ఒక్కోటి 580 గ్రాములు ఉంటుంది. మిర్చి తేలిక సరుకు కాబట్టి మాకు సైజు పెద్దది, నేత పల్చనివి కావాలి. మరీ జల్లెడలా ఉంటే గింజ రాలిపోతుంది. ప్లాస్టిక్ సంచి చవకని మీరు చెబుతారేమో, గాలాడక కాయ చెమ్మగిల్లుతుంది, కోల్డ్ స్టోరేజీకి పనికిరాదు. దాని గురించి రాయనక్కర్లేదు.

సంచి బరువులు మాత్రం కచ్చితంగా రాయండి. కాటా దగ్గర సంచి బరువు కింద తరుగు తీస్తారు. మీరు చెప్పిన బరువు ఒకటి, వచ్చినవి ఇంకొకటి అయితే రైతుకి, కొనేవాళ్లకి మధ్య మేం మాట పడాలి. పోయినసారి వేరే షాపు నుంచి తెచ్చిన సంచులు ఒకే బేలులోనే బరువు తేడాలుగా వచ్చింది. పైగా హమాలీ కొక్కెం వేసి లాగగానే మూల కుట్లు ఊడిపోయింది. అందుకని శాంపిల్ సంచి ఒకటి పంపండి, అది చూసుకుని ఆర్డర్ ఖాయం చేస్తాం.

ఒకసారి వాడిన పాత సంచులు కూడా కొన్ని కావాలి. కొత్త సంచుల లెక్కలో సగమో, అంతకంటే తక్కువో. ఎరువులు, సిమెంటు వేసినదైతే అసలు వద్దు. చిరుగులు లేనిది, బియ్యం వేసినవి ఉంటే దాని రేటు విడిగా చెప్పండి.

తర్వాత పట్టాలు. పెద్దది నాలుగైదు, చిన్నవి ఒకటి రెండు. పెద్దదంటే 30×24 అడుగులు. చిన్నవి మీ దగ్గర ఏ సైజు ఉంటే అది. వేసవిలో ఉన్నట్టుండి గాలివాన వస్తే యార్డులో టిక్కీలు ఆరుబయటే ఉంటుంది, కప్పేది ఒక్క పట్టాలే. అందుకని మందం ఎన్ని జీఎస్‌ఎమ్మో రాయండి, అంచుల్లో తాడు కట్టే రింగు ఇత్తడివా, ప్లాస్టిక్కా అనేది కూడా. ప్లాస్టిక్ అయితే ఎండకి విరిగిపోతున్నాయి. గట్టిదైతే పది రూపాయలు ఎక్కువైనా ఫరవాలేదు.

పురికొస ఒక మూట. మీ మూటలో ఎన్ని ఉండలు ఉంటుందో మాకు తెలీదు, కిలోల్లో చెబితే మంచిది. దబ్బనం డజను సరిపోతాయి, రెండు డజన్లు తీసుకుంటే తగ్గుతుందంటే అదీ చెప్పండి.

రేటు సంచికి ఇంత అని చెప్పండి, నూటికి ఇంతయినా పర్లేదు గానీ రెండూ కలిపి రాయకండి. జీఎస్టీ కలిపా, విడిగానా? బండి కిరాయి ఎవరిది? సరుకు యార్డు దగ్గర మా షాపులోనే దించాలి, మా హమాలీలు దించుకుంటారు, ఆ కూలీ మాదే. ఒకేసారి అంతా వద్దు. మొదట సగం, మిగతావి చెప్పినప్పుడు పంపండి, అప్పటికి జూటు ధర పెరిగినా రేటు మారకూడదు. డబ్బు సగం ముందు, సగం సరుకు అందిన వారానికి. ఇంకా ఎక్కువ గడువు ఇవ్వగలిగితే సంతోషం.

మీ కొటేషన్లు ఈ నెల 20వ తేదీలోపు అందితే చూసి మాట్లాడుకుంటాం. ఇంకో ఇద్దరు షాపువాళ్లని కూడా అడుగుతున్నాం, కాబట్టి మొదటి రేటే చివరి రేటు అనుకుని వేయండి. ఫోన్లో బేరం ఆడే తీరిక సీజన్లో ఉండదు.

ఇట్లు,
మేనేజరు,
మిర్చి కమీషన్ షాపు, మార్కెట్ యార్డు, గుంటూరు.

ఇంకొకటండి, టిక్కీల మీద మార్కా వేసే రంగు డబ్బాలు మీ దగ్గర దొరుకుతుందా? ఎరుపు ఒకటి, నలుపువి రెండు మూడు. లేకపోతే వదిలేయండి, ఇక్కడే కొంటాం.