కలంకారీ లఘుచిత్రానికి చూపులేనివారి కోసం ఆడియో వివరణ: చదవాల్సిన పాఠం

నిడివి 3 నిమిషాల 40 సెకన్లు. చిత్రీకరణ శ్రీకాళహస్తిలో.

చదివేవారికి: మామూలు గొంతు చాలు, నాటకీయత వద్దు. చిత్రంలోని మాటల మీద మన గొంతు పడకూడదు. రంగుల పేర్లు ఒక్కటీ వదలవద్దు. చూపు మధ్యలో పోయినవారికి అవి గుర్తుంటాయి. "అందమైన" అనే మాట పాఠంలో లేదు, చేర్చవద్దు.

00:00–00:13
తెల్లవారుతోంది. ఆలయ గోపురం, వెనుక రాతికొండ. ముందు స్వర్ణముఖి: వెడల్పాటి ఇసుక, మధ్యలో సన్నటి నీటిపాయ. తెరపై అక్షరాలు: "కలం పట్టిన చేతులు".

00:17–00:28
పెంకుటింటి వసారా. యాభై దాటిన స్త్రీ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ముదురాకుపచ్చ నేతచీర, నెరిసిన జుట్టు. గోళ్ల అంచుల్లో నల్లటి మరకలు.

(ఆమె మాట ముగింపు: "...పాలు, కరక్కాయ కలిపిన నీళ్లు.")

00:41–00:49
తెల్లగుడ్డను తొట్టిలో ముంచి తీసింది. గుడ్డ లేత పసుపుకు తిరిగింది. పిండి దండెం మీద ఆరేస్తోంది.

00:56–01:11
ఆరిన గుడ్డ మీద చింతపుల్ల బొగ్గుతో గీస్తోంది. చెట్టుకొమ్మపై హనుమంతుడు, చాచిన చేతిలో ఉంగరం. కింద సీత, ముఖం పక్కకు తిప్పి. కన్ను చెవి దాకా సాగింది.

01:20–01:33
వెదురు కలం. మొన పైన చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కుతోంది. తుప్పురంగు ద్రవం దిగి, గుడ్డకు తగలగానే నల్లబడుతోంది.

(కారణం మనం చెప్పవద్దు. ఇనుము, బెల్లం ఊరబెట్టే సంగతి వెంటనే ఆమే చెబుతుంది. 01:33 నుంచి 01:40 వరకు మౌనం. కలం గీరుకునే చప్పుడు వినిపించాలి.)

01:58–02:06
మరో కలంతో సీత చీర మడతలు నింపుతోంది. తడి తప్ప ఏ రంగూ కనిపించదు.

(అది పటిక నీళ్లని ఆమె తర్వాత చెబుతుంది. చూసేవారికి కూడా ఇంకా తెలియదు. ముందే చెబితే మనవాళ్లకు ఆ ఆశ్చర్యం దక్కదు. "ఎర్ర" అన్న మాట ఇక్కడ పొరపాటున కూడా రాకూడదు.)

02:15–02:22
మోకాలి లోతు నీటిలో ఇద్దరు యువకులు గుడ్డను జాడిస్తున్నారు.

02:30–02:46
కట్టెల పొయ్యి మీద రాగి డేగిసా. నీటిలో మంజిష్ఠ వేళ్లు. కర్రతో గుడ్డను తిప్పుతోంది, పైకి ఎత్తింది. సీత చీర ఎర్రగా ఉంది! మిగతా గుడ్డ అంతా లేత గులాబి.

(ఇక్కడ మాత్రం గొంతులో కాస్త ఉత్సాహం ఉండవచ్చు.)

02:58–03:06
ఆకులకు పసుపు, హనుమంతుడి నడుముకు నీలం. నీలం పసుపును దాటినచోట పచ్చదనం.

03:18–03:25
పూర్తయిన గుడ్డను ఇద్దరు చెరో కొస పట్టుకున్నారు. ఆమె దూరంగా నిలబడి, ఒక మూల సరిలేదని చేత్తో చూపిస్తోంది.

03:28–03:40
తెరపై అక్షరాలు: "వాడిన రంగులు: కరక్కాయ, ఇనుము, బెల్లం, పటిక, మంజిష్ఠ, దానిమ్మ తొక్క, నీలి."