మిస్టర్ చార్లీ లెక్క: పాట వినేముందు

శనివారం కచేరీలో మూడో పాట ఇది. అమెరికా నల్లవాళ్ల పాటల బాణీ అయిన పాత మిసిసిపీ డెల్టా బ్లూస్ పద్ధతిలో మా గిటారిస్టు కట్టాడు, పాడేది ఇంగ్లీషులోనే. రిహార్సల్‌కి వచ్చిన ఒకాయన "చార్లీ ఎవరండీ, పాటలో బేబీ అనే ఆ అమ్మాయి అన్నగారా?" అని అడిగారు. అందుకే ఈ కాగితం. ప్రతి చరణంలో మొదటి పాదం రెండుసార్లు వస్తుంది, ఆ తర్వాతిది దానికి జవాబు. బ్లూస్‌లో అది మామూలే కాబట్టి ఇక్కడ ఒక్కసారే రాశాను.

డిసెంబరులో మిస్టర్ చార్లీ లెక్క తీశాడు, నా చేతికి ఏమీ రాలేదు.
పురుగు తినగా మిగిలింది పుస్తకం తినేసింది.

చార్లీ ఎవరి అన్నా కాదు. అమెరికా దక్షిణాది నల్లవాళ్లు తెల్ల యజమానిని తమలో తాము పిలుచుకున్న పేరు అది. పేరు పెట్టకుండా అందరినీ కలిపి అనడం. తెలుగులో "దొర" అంటే చాలు, భూమి ఉన్నవాడూ తెల్లవాడూ ఇద్దరూ ఆ ఒక్క మాటలోనే ఉన్నారు. అయినా "మిస్టర్" అనడంలోని వెటకారం దొరలో రాదు, అందుకే పేరు అలాగే ఉంచాను.

1865లో బానిసత్వం రద్దయినా చాలామందికి భూమి దక్కలేదు. దొర పొలాన్ని పాలికి చేసేవాళ్లు, పంటలో సగం ఆయనది. విత్తనాలు, పిండి, బట్టలు ఏడాది పొడుగునా అప్పు మీద ఇచ్చి ఆయనే రాసుకునేవాడు. పత్తి అమ్మాక, సంవత్సరం చివర్లో లెక్క చూసేవాడు. "పుస్తకం" అంటే ఆ అప్పుల ఖాతా. అది తప్పని అనే ధైర్యం ఎవరికి? పురుగు సంగతి పత్తి రైతులకు చెప్పక్కర్లేదు. ఇది మాత్రం కాయతొలుచు పురుగు కాదు, బోల్ వీవిల్ అనే ముక్కు పురుగు. 1892 ప్రాంతంలో మెక్సికో నుంచి టెక్సస్‌లోకి వచ్చి, తర్వాత పత్తి నేలంతా పాకింది.

కట్ట తెగిన ఏడు చూశాను బేబీ, నది ఇంట్లోకి వచ్చింది.
నువ్వు నన్ను దిగువకి అమ్మేశావు, ఇక ఈదడం నా వల్ల కాదు.

కట్ట తెగిన ఏడు 1927. ఏప్రిల్‌లో మిసిసిపీ గట్లు తెగి డెల్టా మునిగింది. గట్టు మీద నల్లవాళ్ల చేత తుపాకులు చూపించి పని చేయించారు. శిబిరాల్లోంచి కదలనివ్వలేదు, వెళ్లిపోతే పొలాల్లో కూలీలుండరని.

"సోల్డ్ డౌన్ ది రివర్" అని వినగానే ఇంగ్లీషు తెలిసినవాళ్లు "మోసం చేశావు" అనుకుని వదిలేస్తారు. ఇప్పటి వాడుక అదే, తప్పు లేదు. కానీ ఈ నుడికారం పుట్టింది నిజమైన అమ్మకంలో. కెంటకీ లాంటి ఎగువ రాష్ట్రాల్లో బానిసను అమ్మితే, పడవెక్కించి మిసిసిపీ దిగువన పత్తి, చెరకు తోటలకు పంపేవారు. భార్యాబిడ్డలు మళ్లీ కనబడరు. అప్పట్లో ఆ మాట బెదిరింపు.

మరి "బేబీ" ఎవరు? ప్రియురాలే. అయితే నాకనిపించేది, ఆమెతో పాటు చార్లీ కూడా. దొరని నిలదీయలేని మాట ఆడదాని మీద పెట్టి పాడితే ఎవరూ పట్టుకోరు. మా గిటారిస్టు ఒప్పుకోడు, ఇది ఉత్త ప్రేమ పాటేనంటాడు. మీరే విని చూడండి.

నాలుగు దారుల దగ్గర నిలబడ్డాను, జేబులో జాన్ వేరు.

నాలుగు దారుల కూడలిలో దెయ్యానికి ఆత్మ అమ్మే కథే అందరికీ తెలుసు. ఇక్కడ అది ముఖ్యం కాదు. జాన్ వేరు మాత్రం గుర్తుంచుకోండి: హూడూ అనే నాటు మంత్రవిద్యలో అదృష్టం కోసం దగ్గర పెట్టుకునే వేరు, మన తాయెత్తు లాంటిది. బానిసైనా లొంగని హై జాన్ అనే వీరుడి పేరు దానికి పెట్టారు.

ఐ.సి. కూత వేసింది, చెప్పుల డబ్బాలో కోడి వేపుడు సర్దాను.
ఓహాయో దాటాకే మూత తీస్తాను.

ఐ.సి. అంటే ఇల్లినాయ్ సెంట్రల్, మిసిసిపీ నుంచి చికాగో వెళ్లే రైలు మార్గం. 1910 నుంచి 1970 దాకా దాదాపు 60 లక్షల మంది నల్లవాళ్లు దక్షిణాది వదిలి వెళ్లారు, డెల్టావాళ్లలో చాలామందికి దారి ఇదే. డైనింగ్ పెట్టెలో వాళ్లను కూర్చోనిచ్చేవారు కాదు, కూర్చోనిచ్చినా తెర వెనకే. అందుకే ఇంటి నుంచే భోజనం, అందుకు చేతికందిన అట్టపెట్టె. ఇక ఓహాయో నది ఒకప్పుడు బానిస రాష్ట్రాలకూ స్వేచ్ఛా రాష్ట్రాలకూ సరిహద్దు. ఆకలేస్తున్నా మూత తియ్యకపోవడంలోని పంతం అదీ.

ఈ చరణం తర్వాత గిటారు రైలు చక్రాల చప్పుడు పట్టుకుని కాసేపు ఒక్కటే మోగుతుంది. పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టకండి, మొదటి పాదం ఇంకోసారి వస్తుంది.