సెకండ్ బీడీఎస్ డెంటల్ మెటీరియల్స్ వైవా: సిమెంట్లు, ఫిల్లింగులు

మెగాపాస్కల్ అంకెలు అప్పజెప్పగానే మార్కులు పడవు. "ఎందుకు?" అనేదే ఎగ్జామినర్ రెండో ప్రశ్న. దానికి జవాబు ఎప్పుడూ సెట్టింగ్ రియాక్షన్‌లోనే ఉంటుంది. అందుకే జవాబుల్లో కారణం కూడా రాశాను.

1. జింక్ ఫాస్ఫేట్‌ను చల్లని గ్లాస్ స్లాబ్ మీద, కొద్దికొద్దిగా పౌడర్ వేస్తూ ఎందుకు కలపాలి?
జింక్ ఆక్సైడ్, ఫాస్ఫారిక్ యాసిడ్ కలిస్తే వేడి పుడుతుంది. ఆ వేడి రియాక్షన్‌ను ఇంకా తొందరపెడుతుంది. స్లాబ్ అంతా పరిచి కలిపితే వేడి స్లాబ్‌లోకి పోతుంది, వర్కింగ్ టైమ్ పెరుగుతుంది, ఎక్కువ పౌడర్ పడుతుంది. పౌడర్ ఎక్కువైతే బలం ఎక్కువ, కరిగిపోవడం తక్కువ. కంప్రెసివ్ స్ట్రెంత్ సుమారు 104 మెగాపాస్కల్స్. స్లాబ్ మీద తేమ పట్టేంత చల్లబరచకూడదు, నీరు చేరితే సిమెంట్ త్వరగా గట్టిపడుతుంది. క్రౌన్లు, బ్రిడ్జిలు అతికించడానికి వాడతాం. పంటికి రసాయనికంగా అంటుకోదు, గరుకుతనంలోకి దూరి పట్టుకుంటుంది.

2. మరి పాలీకార్బాక్సిలేట్?
బలం తక్కువ, సుమారు 55. అయినా దాని కార్బాక్సిల్ గ్రూపులు పంటిలోని కాల్షియంతో కలిసి అంటుకుంటాయి. మిక్స్ నిగనిగలాడుతున్నప్పుడే వాడాలి. స్పాట్యులా ఎత్తితే సాలెగూడులా దారాలు సాగితే పారేసి కొత్తగా కలపండి. ఆ దశలో అతకడానికి గ్రూపులు మిగలవు.

3. జీఐసీ ఫిల్లింగ్ పెట్టగానే వార్నిష్ లేదా వ్యాసలిన్ ఎందుకు?
ఇది తప్పకుండా అడుగుతారు. యాసిడ్ గాజు పొడి పైపొరను కరిగిస్తే కాల్షియం, అల్యూమినియం, ఫ్లోరైడ్ బయటికొస్తాయి. మొదట గట్టిపరిచేది కాల్షియం. అల్యూమినియం క్రాస్‌లింకింగ్ మెల్లగా, ఒక రోజుకు పైగా సాగుతుంది, అసలు బలం దానివల్లే. ఈలోగా లాలాజలం తగిలితే అయాన్లు కొట్టుకుపోయి పైభాగం సుద్దలా అవుతుంది. ఎండితే పగుళ్లొస్తాయి. రెండూ జరగకుండా కప్పుతాం. పంటి మెడ దగ్గర అరుగుదలకు, పాలపళ్లకు బాగా సరిపోతుంది. నమలడం గట్టిగా పడే చోట పెళుసుదనం వల్ల పనికిరాదు.

4. హై కాపర్ అమాల్గమ్ ఎందుకు మేలు?
మామూలు రకంలో Ag3Sn పాదరసంతో కలిసి గామా-1, గామా-2 ఇస్తుంది. గామా-2 అన్నిటికన్నా బలహీనం, త్వరగా తుప్పు పడుతుంది. కాపర్ ఎక్కువుంటే టిన్ దానితో కలిసి Cu6Sn5 అవుతుంది, గామా-2 దాదాపు ఉండదు. గంట తర్వాత బలం మామూలు రకంలో 145, సింగిల్ కాంపోజిషన్ హై కాపర్‌లో 262. ఏదైనా సరే, ఆ రోజు గట్టివి నమలొద్దని పేషెంట్‌కు చెప్పాలి.

5. జింక్ ఉన్న అమాల్గమ్‌కు కండెన్సేషన్‌లో తేమ తగిలితే?
హైడ్రోజన్ పుట్టి మూడు నుంచి ఐదు రోజుల తర్వాత ఫిల్లింగ్ ఉబ్బుతుంది, నొప్పి రావచ్చు.

6. కాంపోజిట్ కింద జింక్ ఆక్సైడ్ యూజినాల్ పెట్టొచ్చా?
పెట్టకూడదు. నీలి కాంతి పడగానే క్యాంఫర్‌క్వినోన్ నుంచి మొదలయ్యే ఫ్రీ రాడికల్స్‌ను మిగిలిన యూజినాల్ మింగేస్తుంది, రెసిన్ సరిగా గట్టిపడదు. క్యావిటీ లోతుగా ఉంటే కాల్షియం హైడ్రాక్సైడ్ వేసి, దానిపైన జీఐసీ.