దావీదు చేత లెక్క వేయించింది ఎవరు?
పెద్దల సండేస్కూల్ పాఠం: 2 సమూయేలు 24, 1 దినవృత్తాంతములు 21

పోయిన వారం క్లాసు అయ్యాక ఒక అక్కయ్య ఫోన్ చూపించి అడిగారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న వాళ్ల అబ్బాయికి ఆఫీసు స్నేహితుడు రెండు వచనాలు పక్కపక్కన పెట్టి పంపాడట. కింద ఒకటే మాట: "మీ దేవుడా, మీ సాతానా? ముందు మీలో మీరు తేల్చుకోండి." ఆ అబ్బాయి తల్లిని అడిగాడు, తల్లి మనల్ని అడిగింది. ఆ ప్రశ్నకే ఈ వారం పాఠం.

ముందు చదువుదాం. ఒకరు 2 సమూయేలు 24వ అధ్యాయం, ఇంకొకరు 1 దినవృత్తాంతములు 21వ అధ్యాయం గట్టిగా చదవండి. మిగతావాళ్లు రెండుచోట్లా వేలు పెట్టుకుని తేడాలు కనిపెట్టండి. పది నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి. మొదటి వచనాలు మాత్రమే చదివి గొడవపడేవాళ్లే ఎక్కువ, కానీ జవాబులో సగం అధ్యాయం చివర్లో ఉంది.

వాడుక తెలుగులో చెబితే సమూయేలు గ్రంథంలో ఈ అధ్యాయం ఇలా మొదలవుతుంది: యెహోవా కోపం ఇశ్రాయేలీయుల మీద మళ్లీ రగిలింది, ఆయన వారికి విరోధంగా దావీదును ప్రేరేపించి, వెళ్లి ఇశ్రాయేలునూ యూదానూ లెక్కపెట్టమన్నాడు. దినవృత్తాంతములు ఇలా అంటుంది: సాతాను ఇశ్రాయేలు మీదికి లేచి, లెక్కపెట్టేలా దావీదును ప్రేరేపించాడు.

రాజు ఒకడే, పనీ ఒకటే. ప్రేరేపించినవారి పేరే వేరు.

తేడాలు అక్కడితో ఆగవు, వాటినీ దాచకుండా చూద్దాం. సమూయేలులో కత్తి దూయగలవారు ఇశ్రాయేలులో 8,00,000, యూదాలో 5,00,000. దినవృత్తాంతములలో ఇశ్రాయేలంతా కలిపి 11,00,000, యూదా 4,70,000. లెక్కపెట్టినందుకు గాదు ప్రవక్త దావీదు ముందు పెట్టిన మూడు శిక్షల్లో కరువు ఒకచోట ఏడేళ్లు, ఇంకోచోట మూడేళ్లు. చివర్లో దావీదు బలిపీఠం కట్టడానికి కళ్లం అమ్మినవాడు ఒకచోట అరౌనా, ఇంకోచోట ఒర్నాను. ఇది ఒకే మనిషి పేరును రెండు రకాలుగా పలకడమే కాబట్టి దీని దగ్గర ఆగక్కర్లేదు. దావీదు ఇచ్చిన వెల ఒకచోట 50 తులాల వెండి, ఇంకోచోట 600 తులాల బంగారం. బైబిల్లో తులం అంటే సుమారు 11 గ్రాములు. అంటే ఒకటి అరకిలో పైచిలుకు వెండి, రెండోది ఆరున్నర కిలోల బంగారం.

ఈ అంకెలకు చాలామంది సర్దుబాట్లు చెప్పారు. వెండి కళ్లానికీ ఎడ్లకూ, బంగారం చుట్టుపక్కల స్థలమంతటికీ అంటారు. కుదరవచ్చు. సమూయేలు కళ్లమూ ఎడ్లూ అంటుంది, దినవృత్తాంతములు ఆ స్థలం అంటుంది. జనసంఖ్య విషయంలో, యోవాబు లేవీ, బెన్యామీను గోత్రాలను లెక్కలో చేర్చలేదని దినవృత్తాంతములే చెబుతోంది. కానీ దానితో అంకెలన్నీ అతుక్కోవు. కూడికలు చేసి చూడాలనుకునేవాళ్లు ఇంటికెళ్లి చేయండి, క్లాసులో వద్దు. ఆ అబ్బాయికి టెన్షన్ పెట్టింది అంకెలు కాదు, మొదటి వచనం.

దానికి మనం అలవాటుగా చెప్పే జవాబు ఒకటుంది: "దేవుడు అనుమతించాడు, సాతాను చేశాడు." చిన్నప్పటి నుంచి వింటున్నదే. తప్పని నేను అనను. కానీ ఆ జవాబుతో సమూయేలు దగ్గరికి వెళ్లి చూడండి. అక్కడ అనుమతి అనే మాట లేదు. యెహోవాకు కోపం వచ్చింది, ఆయనే ప్రేరేపించాడు అని ఉంది. మనం తొందరపడి "అనుమతించాడు" అని దిద్దితే దినవృత్తాంతములు గెలుస్తుంది, సమూయేలు నోరు మూతపడుతుంది. రెండూ వాక్యమే అని నమ్మేవాళ్లం ఒకదాని నోరు మూయించకూడదు కదా.

కాబట్టి ముందు సమూయేలును దాని మాట ప్రకారమే విందాం. "మళ్లీ" రగిలిందంటే అంతకుముందు ఒకసారి రగిలిందని. 21వ అధ్యాయం తిప్పితే దావీదు రోజుల్లో మూడేళ్ల కరువు, దానికి సౌలు గిబియోనీయులను చంపించడం కారణమని తెలియడం కనిపిస్తాయి. 24వ అధ్యాయంలో మాత్రం ప్రజల తప్పేమిటో చెప్పలేదు. ఈ గ్రంథకర్త చూపు దేశం మీద ఉంది. ప్రజల మీదికి కీడు వస్తే దాని వెనక యెహోవా ఉన్నాడా లేడా అన్నది అతని ప్రశ్న. ఉన్నాడు అంటాడు. ఇశ్రాయేలు బతుకులో ఆయన చేతికి బయట జరిగేది ఏదీ లేదన్నది అతని విశ్వాసం. ఇలా మాట్లాడేది అతనొక్కడే కాదు, పాత నిబంధనలో చాలాచోట్ల ఈ పద్ధతే వినిపిస్తుంది.

ఇప్పుడు రెండో గ్రంథకర్త. దినవృత్తాంతములు ఎక్కడ ముగుస్తుందో చూశారా? 2 దినవృత్తాంతములు చివరి రెండు వచనాలు తీయండి. పారసీక రాజు కోరెషు, యెరూషలేములో మందిరం కట్టడానికి వెళ్లవచ్చని చాటించాడు. అంటే ఈ పుస్తకం చెర తర్వాతిది. రాజ్యం పోయింది, రాజు లేడు, కాలిపోయిన మందిరాన్ని మళ్లీ కట్టుకోవాలి. అలాంటివాళ్ల కోసం రాసేవాడు దావీదు కథలో ఏది ఉంచాడు, ఏది వదిలాడు అన్నది గమనించాలి. బత్షెబ సంగతి రాయలేదు. అబ్షాలోము తిరుగుబాటూ రాయలేదు. దావీదు పరువు కాపాడటమే ఉద్దేశమైతే ఈ లెక్కపెట్టిన కథనూ వదిలేసి ఉండేవాడు. వదల్లేదు. ఎందుకు?

22వ అధ్యాయం మొదటి వచనం చదవండి. ఒర్నాను కళ్లంలో బలిపీఠం కట్టాక దావీదు, దేవుడైన యెహోవా నివాసస్థలం ఇదే అంటాడు. తర్వాత 2 దినవృత్తాంతములు 3:1లో సొలొమోను మందిరం కట్టింది ఆ కళ్లంలోనే, మోరీయా పర్వతం మీదే అని ఉంది. ఈ కథ లేకపోతే మందిరానికి స్థలం లేదు. లెక్కపెట్టినందుకు వచ్చిన తెగులు ఆగిన చోటే బలిపీఠం లేచింది, బలిపీఠం లేచిన చోటే మందిరం. తిరిగొచ్చిన జనం ఆ కొండ మీదే రాళ్లు పేరుస్తున్నారు. వాళ్ల మందిరం పుట్టుకను చెప్పే కథలో ఆ స్థలానికి విరోధి ఎవడో కూడా చెప్పాలి. అందుకే ఇతను సాతాను పేరు ఎత్తాడని నా ఆలోచన. వేరేవాళ్లు వేరేగా అనుకోవచ్చు, చర్చలో చెప్పండి.

ఇంకో సంగతి. పాత నిబంధనలో సాతాను మనం అనుకున్నంత తరచుగా కనిపించడు. యోబు మొదటి రెండు అధ్యాయాలు, జెకర్యా 3, ఇక్కడ. ముఖ్యంగా ఇవే.

ఈ మూడింటిలో యోబు మనకు బాగా పనికొస్తుంది. మొదటి అధ్యాయంలో సాతాను దేవుని సన్నిధి నుంచి బయటికి వెళ్లాడు, యోబు పశువులు పోయాయి, పనివాళ్లు పోయారు, పిల్లలు పోయారు. చేసింది ఎవరో చదివే మనకు తెలుసు. యోబుకు తెలియదు. 21వ వచనంలో అతను ఏమన్నాడు? ఇచ్చింది యెహోవా, తీసుకున్నదీ యెహోవా అన్నాడు. సాతాను పేరే ఎత్తలేదు. మరుసటి వచనంలో గ్రంథకర్త అతన్ని దిద్దాడా? లేదు. యోబు పాపం చేయలేదనీ దేవుని మీద తప్పు మోపలేదనీ రాశాడు. సాతాను చేశాడని చెప్పిన చేతితోనే, యెహోవా తీసుకున్నాడన్న మాటనూ ఒప్పుకున్నాడు. ఒకే అధ్యాయంలో, ఒకే గ్రంథకర్త. మన రెండు పుస్తకాల్లో విడివిడిగా ఉన్న మాటలు అక్కడ ఒకే పేజీలో ఉన్నాయి. రెండో అధ్యాయం 3వ వచనమైతే ఇంకా సూటిగా ఉంటుంది: కారణం లేకుండా యోబును పాడుచేయమని నువ్వు నన్ను ప్రేరేపించావని యెహోవాయే సాతానుతో అంటాడు. ఈ వచనాన్ని మనం ప్రసంగాల్లో పెద్దగా ముట్టుకోం.

యోసేపు తన అన్నలతో అన్నదీ ఇలాంటిదే. ఆదికాండము 45లో మీరు నన్ను అమ్మారంటాడు, ఆ వెంటనే దేవుడు నన్ను మీకు ముందుగా పంపాడంటాడు. అన్నల తప్పు తగ్గించలేదు, దేవుని పని తీసేయలేదు.

ఇక దావీదు. ప్రేరేపించింది యెహోవా అన్న పుస్తకంలోనూ, సాతాను అన్న పుస్తకంలోనూ దావీదు తప్పించుకోలేదు. రెండుచోట్లా యోవాబు ముందే వద్దన్నాడు. యోవాబు మంచితనానికి పేరుపడ్డవాడు కాదు. అలాంటివాడికే అసహ్యం పుట్టిన పని ఇది. రెండుచోట్లా రాజు మాటే నెగ్గింది. సమూయేలు ప్రకారం తొమ్మిది నెలల ఇరవై రోజులు తిరిగి లెక్క తెచ్చారు. అంటే ఆలోచించుకోవడానికి, ఆపడానికి చాలా సమయం ఉంది. రెండుచోట్లా దావీదు, నేను గొప్ప పాపం చేశానన్నాడు. నువ్వే ప్రేరేపించావని యెహోవాతో అనలేదు, సాతాను మోసం చేశాడనీ అనలేదు.

లెక్కపెట్టడమే పాపమా అని ఎవరైనా అడుగుతారు. కాదు. సంఖ్యాకాండములో యెహోవాయే లెక్కపెట్టమన్నాడు. నిర్గమకాండము 30లో లెక్కించేటప్పుడు తెగులు రాకుండా ప్రతివాడూ అర తులం ప్రాణ పరిహారం ఇవ్వాలని నియమం ఉంది. జనం రాజు సొత్తు కాదని గుర్తుచేసే నియమం అది. దావీదు అడిగింది కత్తి దూసేవారి లెక్క. మన ఇళ్లకు టీచర్లు వచ్చి రాసుకెళ్లే జనాభా లెక్కకూ దీనికీ పోలిక పెట్టకండి, ఆ వాదన ఒకసారి మొదలైతే గంట పోతుంది.

ఒక్కదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. తెగులులో 70,000 మంది చనిపోయారు. రెండు పుస్తకాల్లోనూ ఈ అంకె మారలేదు. దావీదే అడిగాడు: పాపం చేసింది నేను, ఈ గొర్రెలు ఏం చేశాయి? దూత చెయ్యి అప్పటికే ఆగింది. ఆ ప్రశ్నకు మాటల్లో జవాబు రాలేదు, వెళ్లి కళ్లంలో బలిపీఠం కట్టమన్న ఆజ్ఞ వచ్చింది. అరౌనా స్థలం, ఎడ్లు, కట్టెలు అన్నీ ఊరికే ఇస్తానన్నాడు. దావీదు ఒప్పుకోలేదు, వెల ఇచ్చి కొన్నాడు.

చర్చకు ఇరవై నిమిషాలు. ముగ్గురు నలుగురు చొప్పున కూర్చోండి. మొదట, ఆ అబ్బాయికి మీరైతే ఏం రాసి పంపుతారు? ఫోన్‌లో చదివేలా అయిదారు వాక్యాల్లో రాయండి. "దేవుడు అనుమతించాడు" అన్న మాట వాడకుండా ప్రయత్నించండి. తర్వాత, మన ఊళ్లో చిన్నవయసులో ఎవరైనా పోతే ఆ ఇంటికి వెళ్లి "దేవుడు తీసుకున్నాడు" అంటాం. యోబు ఆ మాట తన గురించి తాను అన్నాడు. అదే మాట పక్కవాళ్లు వచ్చి చెబితే ఒకటేనా? ఈ మాట పడినవాళ్లు మన క్లాసులో ఉన్నారు, కాబట్టి వాళ్లకు ఇష్టమైతేనే మాట్లాడనివ్వండి, బలవంతం వద్దు.

వచ్చే ఆదివారానికి 1 రాజులు 22:19-23 చదువుకుని రండి. మీకాయా చెప్పిన దర్శనంలో అబద్ధమాడే ఆత్మను పంపింది ఎవరో పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. అక్కయ్యా, వీలైతే మీ అబ్బాయిని కూడా తీసుకురండి.