సైన్స్ డే సెమినార్: ఎవరికి ఏ స్లైడ్లు, ఏ స్టైల్, ఏ గడువు

అందరికీ నమస్తే. మహేశ్, నాజియా, శేఖర్, సాయి, మెసేజ్ పెద్దదే కానీ చివరిదాకా చదవండి. పిన్ చేస్తున్నా, మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

ఫిబ్రవరి 28 శనివారం, సైన్స్ డే. మనది పొద్దున రెండో ప్రెజెంటేషన్. 15 నిమిషాలు మాట్లాడటానికి, 5 నిమిషాలు ప్రశ్నలకి. అంశం మేడమ్ ఓకే చేశారు: "నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్, నల్లగొండ పద్ధతి". వినేవాళ్లలో సగం మంది హైస్కూల్ 9, 10 తరగతుల పిల్లలు, అందుకే స్లైడ్లు మొత్తం తెలుగులో. ఆ పిల్లల్లో మర్రిగూడ వైపు నుంచి వచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లకిది పరీక్షలో వచ్చే ప్రశ్న కాదు, ఇంట్లో తాతకో అమ్మమ్మకో ఉన్న నొప్పి. అందుకే ఒక్క అంకె తప్పు పోకూడదు, ఒక్క ఫొటో ఎవరినీ కించపరచకూడదు.

మొత్తం 12 స్లైడ్లు. అందరి టైమ్ కలిపితే 14 నిమిషాలు. మిగిలిన నిమిషం మైక్ చేతులు మారడానికి.

*స్లైడ్ 1 (నేను, అర నిమిషం).* అంశం పేరు, మన అయిదుగురి పేర్లు, డిపార్ట్‌మెంట్. ఇంకేం ఉండదు.

*స్లైడ్ 2, 3 (మహేశ్, రెండున్నర నిమిషాలు).* ఫ్లోరైడ్ ఎక్కడి నుంచి వస్తుంది. 2లో మన గ్రానైట్ రాళ్ల బొమ్మ: ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుందని చూపించు. 3లో మన దగ్గరే ఎందుకు ఎక్కువో చెప్పాలి. నీళ్లలో బైకార్బనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ ఉంటే ఫ్లోరైడ్ కరిగే ఉంటుంది. కాల్షియం బాగా ఉంటే CaF₂గా కిందికి దిగిపోతుంది. ఫ్యాక్టరీల వల్ల వచ్చిందని చాలామంది అనుకుంటారు, మన జిల్లాలో ఇది ప్రధానంగా రాయి నుంచే వచ్చిందని ఒక లైన్ తప్పకుండా పెట్టు. మన దేశంలో ఈ జబ్బు గురించి 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి రిపోర్ట్ వచ్చిన విషయం నోట్స్‌లో రాసుకో, స్లైడ్ మీద వద్దు.

*స్లైడ్ 4, 5 (నాజియా, రెండున్నర నిమిషాలు).* 4 పళ్లు, 5 ఎముకలు. శాశ్వత పళ్లు చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్లలోపు తాగిన నీళ్ల వల్లే పళ్ల మీద మరకలు వస్తాయి. బ్రష్ చేయకపోవడం వల్ల కాదు. ఈ మాట పిల్లలకు గట్టిగా చెప్పాలి, ఎందుకంటే క్లాసులో ఆ పళ్లున్న పిల్లనే అందరూ అంటారు. ఎముకల్లో పేరుకున్నదాన్ని వెనక్కి తెచ్చే మందు లేదు కాబట్టి నివారణే దారి, ఇది 5లో చివరి లైన్. నెట్‌లో దొరికే వంకర కాళ్ల ఫొటోలు ఒక్కటి కూడా పెట్టొద్దు. పన్ను అడ్డకోత బొమ్మ నువ్వే గీసి, వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టు. నీ రికార్డు బొమ్మలు ప్రింట్ కంటే బాగుంటాయి.

*స్లైడ్ 6, 7, 8 (శేఖర్, నాలుగు నిమిషాలు).* సెమినార్‌కి గుండె ఇదే. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసిన పద్ధతికి మన జిల్లా పేరు ఉంది, అది సగం సగం చెబితే బాగోదు.

6లో ఏమేం వేస్తారు, ఏది ఏం చేస్తుంది. పటిక నీళ్లలో పడి అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టెగా మారుతుంది, ఫ్లోరైడ్ దానికి పట్టుకుంటుంది. పటిక వేస్తే క్షారత తగ్గి pH పడిపోతుంది, దాన్ని నిలబెట్టడానికి సున్నం. బ్లీచింగ్ పౌడర్ క్రిములకే, ఫ్లోరైడ్‌కి కాదు. ప్రశ్న కచ్చితంగా దీని మీదే వస్తుంది.

7లో బకెట్ బొమ్మ, నాలుగు దశలు: సున్నం, బ్లీచింగ్, ఆ తర్వాత పటిక వేసి ఒక నిమిషం గట్టిగా కలపడం, అయిదు నిమిషాలు మెల్లగా కలపడం, గంటసేపు కదపకుండా ఉంచడం, పైన తేరిన నీళ్లు కుళాయితో తీసుకోవడం. కుళాయి అడుగు నుంచి కొన్ని సెంటీమీటర్ల పైకి ఉండేట్టు గియ్యి. అడుగున గీస్తే మడ్డి కూడా వస్తుంది, పట్టుకున్న ఫ్లోరైడ్ మళ్లీ గ్లాసులోకే. మెల్లగా కలపాల్సిన చోట గట్టిగా కలిపితే తెట్టె చిట్లిపోయి తేరుకోదు, ఇది నోటితో చెప్పు.

8లో మోతాదు. "ఒక చెంచా పటిక" అని ఎక్కడా రాయొద్దు. మోతాదు రెండింటి మీద ఆధారపడుతుంది: నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత. సున్నం సుమారు పటికలో ఇరవయ్యో వంతు. ఒకే ఒక లెక్క చూపించు, పైన "ఉదాహరణ" అని పెద్దగా రాసి:

```
పటిక = 500 మి.గ్రా./లీ. × 20 లీ. = 10 గ్రా.
సున్నం = 10 గ్రా. ÷ 20 = 0.5 గ్రా.
```

ఇంటికెళ్లి ఏ పిల్లో కొలత లేకుండా వేస్తే అల్యూమినియం నీళ్లలో మిగిలిపోతుంది. కాబట్టి "ముందు నీళ్లు టెస్ట్ చేయించాలి" అనే లైన్ ఆ స్లైడ్ అడుగున ఉండాలి. కాగబెడితే ఫ్లోరైడ్ పోదని, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుందని కూడా ఇక్కడే చెప్పు.

*స్లైడ్ 9, 10 (సాయి, రెండున్నర నిమిషాలు).* తమ్ముడూ, నువ్వు సెకండియర్ అని తేలికది ఇవ్వలేదు, పోలిక చెప్పడం కష్టం. 9లో యాక్టివేటెడ్ అల్యూమినా, ఆర్ఓ. అల్యూమినా నిండిపోయాక కాస్టిక్ సోడాతో కడగాలి, ఆ పని ఆగితే ప్లాంటు ఉన్నా లేనట్టే. ఆర్ఓ ఫ్లోరైడ్ తీసేస్తుంది కానీ వదిలేసే నీళ్లలో అదే ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది, ఎక్కడ పోస్తారన్నది ప్రశ్న. 10లో నది నీళ్లు: 2016లో మొదలైన మిషన్ భగీరథ, కృష్ణా గోదావరి నీళ్లు. ఏ ప్రభుత్వాన్నీ పొగడటం, తిట్టడం వద్దు. బోరు బదులు నది నీళ్లు వస్తే రసాయనం ఎలా మారుతుందో అంతవరకే.

*స్లైడ్ 11, 12 (నేను, రెండు నిమిషాలు).* 11 మన ల్యాబ్ గ్రాఫ్. ఊళ్ల పేర్లు ఉండవు, బోరు 1, బోరు 2 అని మాత్రమే. రెండు అడ్డగీతలు: 1.0 కోరదగిన హద్దు, 1.5 వేరే నీటి వనరు లేనప్పుడు అనుమతించే హద్దు. IS 10500 ప్రకారం రెండూ వేరు, మాటల్లో కలిపేయకండి. పటిక వేసిన నీళ్లకు ఎలక్ట్రోడ్‌తో, టిసాబ్ కలిపి కొలిచిన అంకెలే తీసుకుంటా. స్పాడ్న్స్ రంగు పద్ధతిలో మిగిలిన అల్యూమినియం అడ్డం వచ్చి ఫ్లోరైడ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, మన పద్ధతి లేని గొప్ప పనిచేసినట్టు కనిపిస్తుంది.

*ఇప్పుడు స్టైల్.* గూగుల్ స్లైడ్స్‌లో ఒకే ఫైల్ పెట్టా, మీ స్లైడ్ నంబర్లు ఖాళీగా ఉన్నాయి. విడిగా చేసి నాకు పంపొద్దు. అయిదు ఫైళ్లు అతికిస్తే అయిదు రకాల ఫాంట్లు వస్తాయి.

ఫాంట్ Noto Sans Telugu, ఇంకేదీ కాదు. శీర్షిక 36, లోపలి అక్షరాలు 24కి తగ్గకూడదు, బొమ్మ కింద మూలం 14. లైన్ల మధ్య దూరం 1.3 పెట్టేశా, తగ్గించొద్దు: 1.0 ఉంటే పై లైన్ ఒత్తులు కింది లైన్ గుళ్లకు తగిలి "క్ష", "ష్ట్ర" లాంటివి చదవరావు. చోటు చాలకపోతే మాటలు తగ్గించండి. ఒక స్లైడ్‌కి అయిదు లైన్లు చాలు, మిగతాది కింద స్పీకర్ నోట్స్‌లో.

తెల్ల బ్యాక్‌గ్రౌండ్, ముదురు నీలం శీర్షిక (`#1F3A5F`), నల్ల అక్షరాలు. ఎరుపు ఒక్క చోటే, హద్దు దాటిన అంకెకి. సెమినార్ హాల్ ప్రొజెక్టర్‌లో పసుపు, లేత ఆకుపచ్చ తెల్లగా కనబడతాయి. యానిమేషన్లు, వీడియోలు లేవు.

ఎక్కడి నుంచైనా కాపీ చేస్తే `Ctrl+Shift+V` తోనే పేస్ట్ చేయండి, లేదంటే అక్కడి ఫాంట్ కూడా వచ్చేస్తుంది. పాత తెలుగు పీడీఎఫ్‌లు చాలావరకు అను ఫాంట్స్‌లో ఉంటాయి, కాపీ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి. వాటిని బాగుచేస్తూ కూర్చోకుండా సొంత మాటల్లో టైప్ చేయండి, మనకు కావాల్సిందీ అదే.

మాటలు: అందరూ "ఫ్లోరైడ్" అనే రాయాలి, ఫ్లోరిన్ అనొద్దు. "పటిక", "సున్నం", "క్షారత". కొలత "మి.గ్రా./లీ.", ఒకరు పీపీఎం ఇంకొకరు ఇది రాస్తే పిల్లలు రెండూ వేరనుకుంటారు. అంకెలు 1.5 లాగే, అక్షరాల్లో వద్దు.

*గడువులు.* రేపు 15 శివరాత్రి, ఎవరినీ ఏమీ అడగను.

17 మంగళవారం రాత్రి 9: మీ స్లైడ్లలో మాటలు పడాలి. అందం తర్వాత. ప్రతి అంకె ఎక్కడి నుంచి తీసుకున్నారో కామెంట్‌లో పెట్టాలి, మూలం లేని అంకె నేను తీసేస్తా.
20 శుక్రవారం రాత్రి 9: బొమ్మలతో సహా పూర్తి.
21 శనివారం నేను మొత్తం చదివి కామెంట్లు పెడతా, 22 ఆదివారం సాయంత్రం 6కి సరిదిద్దాలి. 23 సోమవారం మేడమ్‌కి చూపిస్తాం.
25 బుధవారం, 26 గురువారం మధ్యాహ్నం 2 గంటలకు కెమిస్ట్రీ ల్యాబ్‌లో రిహార్సల్. అప్పటికి నాజియాకి రోజాలు నడుస్తుంటాయి కాబట్టి 3.30కి ఆపేస్తాం, తన భాగం మొదట. రిహార్సల్‌లో స్లైడ్ చూసి చదివేవాళ్లను మధ్యలో ఆపుతా, ఏమనుకోవద్దు.
26 రాత్రి 8 తర్వాత ఫైల్‌లో ఎడిట్ ఆపేస్తా. ఆ తర్వాత అక్షర దోషం కనబడితే నాకు ఫోన్ చేయండి.
27 శుక్రవారం సాయంత్రం 4: హాల్ కంప్యూటర్‌లో పెట్టి చూడటం. శేఖర్, నువ్వు `File → Download → PDF` చేసి రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టు, ఒకటి నీ దగ్గర, ఒకటి మహేశ్ దగ్గర. పవర్‌పాయింట్ ఫైల్‌గా దించితే హాల్ కంప్యూటర్‌లో మన ఫాంట్ లేక వేరేది వేసుకుంటుంది, లైన్లన్నీ జరిగిపోతాయి. పీడీఎఫ్‌లో ఆ బాధ లేదు.

ఎవరికైనా జ్వరమొచ్చినా, ఊరెళ్లాల్సి వచ్చినా గడువుకి ఒకరోజు ముందు చెప్పండి, తప్పు పట్టను. మహేశ్‌కి బదులు సాయి, సాయికి బదులు మహేశ్, నాజియాకీ శేఖర్‌కీ బదులు నేను. అందుకే మీ నోట్స్ వేరేవాళ్లు చూసి చెప్పగలిగేట్టు పూర్తి వాక్యాల్లో రాయండి.

ఈ రాత్రి 9 లోపు ప్రతి ఒక్కరూ మీ స్లైడ్ నంబర్లు రాసి రిప్లై ఇవ్వండి. ఒట్టి బొటనవేలు గుర్తు పెడితే చదివారో లేదో నాకు తెలియదు. ఎవరికైనా భాగం మార్చుకోవాలనుంటే అదీ ఈ రాత్రే చెప్పండి.

లావణ్య